రెండు భాషల్లో ఇంజినీరింగ్ పాఠం: తొలిరోజు విభాగాధిపతి చెప్పేదేమిటి, విద్యార్థికి చేరేదేమిటి?

క్లుప్తంగా: ద్విభాషా బోధన ఉన్న విభాగంలో విభాగాధిపతి చేసే స్వాగత ప్రసంగం మూడు వేర్వేరు విషయాలను ఒకే మాటలో చెబుతుంది. పాఠం ఏ భాషలో సాగుతుందన్నది ఒకటి, నోట్సు ఏ భాషలో ఉంటుందన్నది రెండోది, పరీక్ష ఏ భాషలో రాయాలన్నది మూడోది. మొదటి రెండూ విభాగం చేతిలో ఉంటాయి, మూడోది సాధారణంగా విశ్వవిద్యాలయం చేతిలో ఉంటుంది. నోట్సు చివర ఇచ్చే పదాల పట్టిక విద్యార్థికి పనికొస్తుంది కానీ, తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారిని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది సాంకేతిక పదాలు కావు, లెక్క ఇచ్చిన వాక్యంలోని చిన్న చిన్న ఇంగ్లీషు మాటలు. ఇంజినీరింగ్ మెకానిక్స్‌లోని ఒక ఘర్షణ లెక్క ఆధారంగా ఈ వ్యాసం ఆ విషయాన్ని పరిశీలిస్తుంది.

## “బైలింగ్వల్” అనగానే వినిపించేది

బీటెక్ మొదటి సంవత్సరం విద్యార్థులకు, సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ సూచించిన మూడు వారాల ప్రవేశ కార్యక్రమంలో విభాగాధిపతి ప్రసంగం ఒక భాగం. హాజరు, ల్యాబ్ రికార్డులు, మిడ్ పరీక్షలు, ర్యాగింగ్ నిబంధనల వంటివి అన్ని విభాగాల్లోనూ ఒకేలా ఉంటాయి కాబట్టి వాటిని విద్యార్థులు ఇట్టే అర్థం చేసుకుంటారు. ద్విభాషా కార్యక్రమం గురించి చెప్పే పది నిమిషాల దగ్గరే చిక్కు వస్తుంది. “మన దగ్గర పాఠం తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉంటుంది, నోట్సు కూడా రెండు భాషల్లో ఇస్తాం” అని విభాగాధిపతి అంటే, వెనక వరుసలో కూర్చున్న తండ్రికి “మావాడు తెలుగులో పరీక్ష రాయొచ్చు” అని వినిపిస్తుంది. పక్కనే కూర్చున్న, మొదటినుంచీ ఇంగ్లీషు మాధ్యమంలో చదివిన అమ్మాయికి “ఇక్కడ ఇంగ్లీషు సరిగా చెప్పరేమో” అనిపిస్తుంది. విభాగాధిపతి ఈ రెండూ అనలేదు, అయినా ఆ మాటలో రెండు అర్థాలకూ చోటుంది.

ఈ గందరగోళానికి ఇటీవలి చరిత్రే ఒక కారణం. 2020 జాతీయ విద్యా విధానం ఉన్నత విద్యలోనూ మాతృభాషకు, ద్విభాషా బోధనకు ప్రోత్సాహం ఇవ్వాలని చెప్పింది. దాని తరువాత 2021–22 విద్యా సంవత్సరం నుంచి కొన్ని కళాశాలలు ప్రాంతీయ భాషల్లో బీటెక్ చెప్పడానికి ఏఐసీటీఈ అనుమతించింది. ఆ భాషల్లో తెలుగు కూడా ఒకటి. అది ఆయా కళాశాలల్లో కొన్ని సీట్లకు పరిమితమైన పూర్తి తెలుగు మాధ్యమ కోర్సు. ద్విభాషా బోధన అలాంటిది కాదు. జేఎన్‌టీయూ హైదరాబాద్ నిబంధనల్లో ఇంజినీరింగ్ డిగ్రీకి బోధనా మాధ్యమం ఇంగ్లీషేనని స్పష్టంగా రాసి ఉంది. అలాంటి విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్న కళాశాలలో ఒక విభాగం తెలుగు సాయం ఇవ్వదలిస్తే, అది తరగతి గదిలో వివరణకూ, చేతికిచ్చే నోట్సుకూ పరిమితం అవుతుంది. సెమిస్టర్ చివరి ప్రశ్నపత్రం బయటినుంచి ఇంగ్లీషులోనే వస్తుంది, జవాబు కూడా ఇంగ్లీషులోనే రాయాలి. స్వయంప్రతిపత్తి ఉన్న కళాశాలకు ప్రశ్నపత్రం తయారు చేసుకునే వెసులుబాటు ఉంటుంది కానీ, పట్టా ఇచ్చేది విశ్వవిద్యాలయమే కాబట్టి అక్కడ కూడా భాష మార్చడం విభాగాధిపతి ఒక్కరి నిర్ణయంతో జరిగేది కాదు.

కాబట్టి తొలిరోజే తేల్చి చెప్పాల్సిన వాక్యం దాదాపు ఇలా ఉండాలి: “అర్థం చేసుకోవడం తెలుగులో మొదలుపెట్టండి, పరీక్షలో రాయడం ఇంగ్లీషులోనే ఉంటుంది, ఈ నోట్సు మిమ్మల్ని ఒక ఒడ్డు నుంచి రెండో ఒడ్డుకు చేర్చడానికి ఇస్తున్నాం.” ఈ మాట వినడానికి అంత ఉత్సాహంగా ఉండదు, అందుకే చాలాసార్లు ప్రసంగంలోంచి జారిపోతుంది.

## ప్రవేశ పరీక్ష దాకా ఉన్న సాయం

విద్యార్థులకు రెండు భాషలు పక్కపక్కనే చూడటం కొత్తేమీ కాదు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్షలో ప్రశ్న ఇంగ్లీషులోనూ తెలుగులోనూ కనిపిస్తుంది. 2021 నుంచి జేఈఈ మెయిన్‌ను కూడా తెలుగు సహా 13 భాషల్లో నిర్వహిస్తున్నారు. అనువాదంలో సందేహం వస్తే ఇంగ్లీషు పాఠాన్నే అంతిమంగా తీసుకుంటారన్న నిబంధన మాత్రం అక్కడా ఉంది. ఈ పరీక్షల్లో విద్యార్థి చదివితే చాలు, రాయాల్సిన పని లేదు. నాలుగు ఐచ్ఛికాల్లో ఒకటి నొక్కితేనో, ఒక అంకె నింపితేనో సరిపోతుంది. తెలుగులో ప్రశ్న చదివి, లెక్క చేసి, జవాబు గుర్తించిన విద్యార్థి తన ఇంగ్లీషు వాక్యం ఎలా ఉందో ఎవరికీ చూపించకుండానే కళాశాల గుమ్మం దాకా రాగలడు.

బీటెక్ మొదటి మిడ్‌లో ఆ పరిస్థితి ఒక్కసారిగా తలకిందులవుతుంది. ప్రశ్న ఇంగ్లీషులో మాత్రమే ఉంటుంది, జవాబు వాక్యాల్లో రాయాలి, పటం గీసి దాని కింద కారణం చెప్పాలి. భౌతికశాస్త్రం తెలిసినా మార్కులు రాని విద్యార్థులు మొదటిసారి కనిపించేది ఇక్కడే. ద్విభాషా నోట్సు అవసరం ఈ దశలోనే పుడుతుంది.

ఇక తరగతి గది విషయానికి వస్తే, తెలుగు రాష్ట్రాల ఇంజినీరింగ్ కళాశాలల్లో కాగితం మీద ఏ మాధ్యమం ఉన్నా, బోర్డు ముందు నిలబడిన అధ్యాపకులు చాలామంది “ఈ బ్లాక్ మీద యాక్ట్ చేసే ఫోర్సెస్ అన్నీ ముందు మార్క్ చేయండి” అన్న ధోరణిలోనే మాట్లాడతారు. క్రియలూ వాక్య నిర్మాణమూ తెలుగువి, నామవాచకాలు ఇంగ్లీషువి. ఈ మిశ్రమ భాష వినడానికి హాయిగా ఉంటుంది, పాఠం అర్థమైనట్టే ఉంటుంది. అయితే దీనివల్ల విద్యార్థికి ఇంగ్లీషు నామవాచకాలు అబ్బుతాయి గానీ ఇంగ్లీషు వాక్యం అబ్బదు. ప్రశ్నపత్రంలో ఎదురయ్యేది మాత్రం పూర్తి ఇంగ్లీషు వాక్యం.

## నోట్సు పేజీ లోపల

ద్విభాషా నోట్సు తయారీలో సాధారణంగా రెండు పద్ధతులు కనిపిస్తాయి. మొదటిది ఎదురెదురు పేజీల పద్ధతి. ఎడమ పేజీలో ఇంగ్లీషు, కుడి పేజీలో అదే విషయం తెలుగులో. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలకు 2020–21 నుంచి ఇచ్చిన ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఈ తరహావే. ఆ ఏడాది ఆరో తరగతిలో ఉన్న పిల్లలు 2027లో ఇంటర్ పూర్తి చేస్తారు కాబట్టి, మరికొద్ది కాలంలో ఇంజినీరింగ్ తరగతుల్లోకి వచ్చేవారిలో ఈ పుస్తకాలతో పెరిగినవారు ఉంటారు.

బడి పిల్లలకు ఈ పద్ధతితో ప్రయోజనం ఉంది, ఎందుకంటే ఆ వయసులో ఇంగ్లీషు నేర్చుకోవడం కూడా పాఠంలో భాగమే. ఇంజినీరింగ్ నోట్సులో మాత్రం దీనికి ఒక ఇబ్బంది ఉంది. ఆస్ట్రేలియా విద్యా మనోవైజ్ఞానికుడు జాన్ స్వెల్లర్ 1980లలో ప్రతిపాదించిన అభిజ్ఞాత్మక భార సిద్ధాంతం ప్రకారం, కొత్త విషయం నేర్చుకునేటప్పుడు మనసు ఒకేసారి మోయగల భారం చాలా తక్కువ. ఒకే విషయాన్ని అర్థం చేసుకోవడానికి కళ్లు రెండు చోట్లకు పరుగెత్తాల్సి వస్తే ఆ భారంలో కొంత వెతుకులాటకే ఖర్చవుతుంది. ఒకే సమాచారం రెండుసార్లు ఇచ్చినా, ఒకటి అర్థమైనవారికి రెండోది అడ్డే అవుతుంది. అందుకే ఎదురెదురు పేజీల నోట్సు ఇచ్చిన చోట విద్యార్థి తనకు సులువైన పేజీ మాత్రమే చదివి, రెండో పేజీని పరీక్ష ముందురోజు బట్టీ పట్టడం సహజంగా జరుగుతుంది. పేజీలు రెండూ చేతిలోనే ఉంటాయి, వాటి మధ్య వంతెన మాత్రం ఉండదు.

రెండో పద్ధతిలో ఒకే పేజీలో రెండు భాషలకు వేర్వేరు పనులు అప్పగిస్తారు. విషయ వివరణ తెలుగులో ఉంటుంది. నిర్వచనం పరీక్షలో ఎలా రాయాలో అలా ఇంగ్లీషులో, ఒక పెట్టెలో ఒక్కసారే ఉంటుంది. సాధించిన లెక్క ఇంగ్లీషులో ఉండి, ప్రతి మెట్టు పక్కన “ఇక్కడ ఈ సమీకరణమే ఎందుకు” అన్న కారణం తెలుగులో ఉంటుంది. ఏదీ రెండుసార్లు రాయరు. జేఎన్‌టీయూ సిలబస్‌లో ఒక్కో సబ్జెక్టు ఐదు యూనిట్లుగా ఉంటుంది కాబట్టి, మొదటి రెండు యూనిట్లలో తెలుగు నిండుగా ఉంచి, తరువాతి యూనిట్లలో క్రమంగా తగ్గించి, ఐదో యూనిట్‌లో పక్క గమనికలకే పరిమితం చేయడం సాధ్యమవుతుంది. ఈ తగ్గింపు గురించి విభాగాధిపతి తొలిరోజే చెప్పకపోతే, మూడో యూనిట్ నోట్సు చేతికి రాగానే “తెలుగు ఎందుకు తీసేశారు” అన్న ఫిర్యాదు తప్పదు.

తెలుగు భాగం ఎలా రాశారన్నది కూడా తక్కువ విషయం కాదు. ఇంగ్లీషు వాక్యాన్ని మాటకు మాట మార్చితే “వస్తువు పైన వర్తింపజేయబడిన బలం చేత చేయబడిన పని” అన్న తరహా వాక్యాలు తయారవుతాయి. అలాంటి తెలుగు చదవడం కంటే ఇంగ్లీషు చదువుకోవడమే నయమని విద్యార్థి అనుకుంటే అతణ్ణి తప్పుపట్టలేం. అదే సంగతిని “బలం ఎంత, వస్తువు ఆ బలం దిశలో ఎంత దూరం కదిలింది, ఈ రెండింటి లబ్ధమే పని” అని రాస్తే తరగతిలో చెప్పినట్టే ఉంటుంది.

## ఒక లెక్క, రెండు రకాల తప్పులు

ఇప్పుడు అసలు చిక్కు ఎక్కడుందో ఒక లెక్కతో చూడవచ్చు. ఇంజినీరింగ్ మెకానిక్స్‌లో ఘర్షణ పాఠం చెప్పేటప్పుడు ఇచ్చే మామూలు లెక్క ఇది. గరుకు నేల మీద 10 కిలోల దిమ్మె నిశ్చలంగా ఉంది. స్థైతిక ఘర్షణ గుణకం 0.4. క్షితిజ సమాంతరానికి 30 డిగ్రీల కోణంలో పైకి లాగే బలం `P` పనిచేస్తున్నప్పుడు, దిమ్మె కదలబోయే స్థితిలో `P` విలువ ఎంత?

ఇంగ్లీషు ప్రశ్నలో ఆ చివరి షరతు “ఆన్ ద పాయింట్ ఆఫ్ స్లైడింగ్” అనో, “మోషన్ ఈజ్ ఇంపెండింగ్” అనో ఉంటుంది. అందులో సాంకేతిక పదమంటూ ఏదీ లేదు కనుక పదాల పట్టికలో ఎక్కడా కనిపించదు. కానీ లెక్క మొత్తం ఆ మాట మీదే నిలబడి ఉంది. దిమ్మె ఇంకా కదలలేదు కాబట్టి బలాల మొత్తం సున్నా, కదలబోతోంది కాబట్టి ఘర్షణ తన గరిష్ఠ విలువకు చేరింది. ఈ రెండూ ఒకేసారి నిజమైతేనే కింది సమీకరణాలు రాయగలం. వాటిలో `N` అంటే నేల దిమ్మెను పైకి నెట్టే అభిలంబ ప్రతిచర్య.

```
N = mg − P sin 30° = 98.1 − 0.5P
P cos 30° = 0.4 N
0.866P = 39.24 − 0.2P
P = 39.24 / 1.066 ≈ 36.8 N
```

ఇక్కడ విద్యార్థులు చేసే తప్పులు రెండు రకాలుగా విడిపోతాయి. మొదటి రకంలో విద్యార్థి “స్లైడింగ్” అన్న ఒక్క మాట పట్టుకుని దిమ్మె జారుతోందనుకుంటాడు. అప్పుడు త్వరణం కోసం వెతుకుతాడు, అది ప్రశ్నలో ఇవ్వలేదు కాబట్టి ఆగిపోతాడు, లేదంటే పేజీ ఖాళీగా వదిలేస్తాడు. రెండో రకంలో ప్రశ్న సరిగ్గానే అర్థమవుతుంది, కానీ అభిలంబ ప్రతిచర్య ఎప్పుడూ `mg` యే అనుకుని `P cos 30° = 39.24` అని రాసి 45.3 న్యూటన్లు తెస్తాడు. తాడు పైకి లాగుతున్నప్పుడు నేల మీద పడే భారం తగ్గుతుందన్న సంగతి అతని పటంలోకి రాలేదు.

మొదటిది భాష తెచ్చిన తప్పు, రెండోది భావన తెచ్చిన తప్పు. దిద్దిన కాగితం మీద రెండింటికీ సున్నా మార్కులో, అరకొర మార్కులో పడవచ్చు, కానీ వాటికి చేయాల్సిన వైద్యం ఒకటి కాదు. ఏది ఏదో తెలుసుకోవడానికి తేలికైన పరీక్ష ఉంది. అదే లెక్కను అంకెలు మార్చి తెలుగులో ఇచ్చి చూడాలి. అప్పుడు సరిగా చేస్తే ముందు చేసిన తప్పు భాషది. తెలుగులోనూ అదే తప్పు చేస్తే, దానికి ఎంత తెలుగు నోట్సు ఇచ్చినా మందు కాదు, వస్తువు మీది బలాలన్నీ గీసి చూపే ఫ్రీ బాడీ డయాగ్రమ్ మళ్లీ మొదటినుంచి నేర్పాల్సిందే.

ఇదే లెక్కలో ఇంకో మెలిక కూడా ఉంది. దిమ్మెను 20 న్యూటన్ల క్షితిజ సమాంతర బలంతో తోస్తే ఘర్షణ బలం ఎంత అని అడిగితే, చాలామంది గుణకాన్ని భారంతో గుణించి 39.24 న్యూటన్లు రాస్తారు. దిమ్మె కదలనే లేదు, కాబట్టి సరైన జవాబు 20 న్యూటన్లే. ఇంగ్లీషు మాధ్యమంలో చదివినవారూ తెలుగు మాధ్యమంలో చదివినవారూ ఈ తప్పు చేస్తారు. ద్విభాషా కార్యక్రమం ఫలితాలను బేరీజు వేసేటప్పుడు ఇలాంటి ప్రశ్నలను పక్కన పెట్టకపోతే, భాషకు సంబంధం లేని తప్పులు కూడా భాష ఖాతాలో పడిపోతాయి.

## పట్టికలోకి ఎక్కని మాటలు

ఘర్షణ, ద్రవ్యవేగం, త్వరణం, ప్రతిబలం వంటి పదాలు ఇంటర్ దాకా తెలుగులో చదివినవారికి నోటికి వచ్చినవే. వాటి ఇంగ్లీషు రూపాలు ఒకటి రెండు వారాల్లో అలవాటవుతాయి, ఎందుకంటే తరగతిలో రోజూ అవే వినబడతాయి. వినబడనివి వేరే ఉన్నాయి. మెకానిక్స్ ప్రశ్నలో “స్మూత్” అంటే ఘర్షణ లేదని అర్థం, నునుపుగా కనిపిస్తుందని మాత్రమే కాదు. “లైట్ స్ట్రింగ్” అంటే తాడు ద్రవ్యరాశిని లెక్కలోకి తీసుకోనక్కరలేదని. “స్టార్ట్స్ ఫ్రమ్ రెస్ట్” అంటే తొలి వేగం సున్నా. “యూనిఫామ్ రాడ్” అంటే గురుత్వ కేంద్రం కడ్డీ మధ్యలో ఉందని. ఈ మాటల్లో ప్రతిదీ ఒక సమీకరణాన్నో, ఒక అంకెనో లోపల దాచుకుని ఉంటుంది. ప్రశ్న రాసినవారు దత్తాంశాన్ని అంకెగా ఇవ్వకుండా మాటగా ఇచ్చారన్నమాట.

ఇవి కాక వాక్యాన్ని నడిపించే మాటలు ఉన్నాయి. “రెస్పెక్టివ్‌లీ” అన్న ఒక్క మాట తెలియకపోతే రెండు ద్రవ్యరాశులూ రెండు వేగాలూ ఇచ్చిన అభిఘాతం లెక్కలో ఏ వేగం ఏ వస్తువుదో తారుమారవుతుంది. “అన్‌లెస్”, “ఎట్ లీస్ట్”, “విత్ రెస్పెక్ట్ టు” కూడా అలాంటివే. తెలుగులో ఈ పని చేయడానికి విడి మాటల కంటే క్రియ చివరి ప్రత్యయాలూ వాక్యంలోని వరుసా ఎక్కువగా ఉపయోగపడతాయి, కనుక మాటకు మాట ఇచ్చే పట్టికలో వీటిని పెట్టినా లాభం తక్కువ. వీటిని లెక్కలోనే చూపించాలి. ప్రతి యూనిట్ చివర నాలుగైదు పాత ప్రశ్నలు తీసుకుని, అలాంటి మాట కింద గీత గీసి, అది ఏ సమీకరణానికి దారి తీసిందో పక్కన తెలుగులో రాస్తే సరిపోతుంది. దీనికి పెద్ద అనువాద యంత్రాంగం అక్కరలేదు, రెండు మూడేళ్ల పాత ప్రశ్నపత్రాలూ ఆ సబ్జెక్టు చెప్పే అధ్యాపకుల ఓపికా చాలు. అయినా నోట్సుల్లో సాధారణంగా కనిపించేది నామవాచకాల పట్టికే. పట్టిక తయారు చేయడం సులువు, పేజీలు నిండినట్టు కనిపిస్తాయి కూడా.

## మొదటి మిడ్ దాకా

ప్రసంగం తరువాత ఏం జరుగుతుందన్నది నోట్సు వాడకం మీద ఆధారపడి ఉంటుంది. ఇక్కడ ఎదురయ్యే మొదటి అడ్డంకి చాలా మామూలుది. జిరాక్స్ దుకాణంలో నోట్సు కాపీలు తీయించుకునేటప్పుడు “పరీక్షకు వచ్చే” ఇంగ్లీషు పెట్టెలున్న పేజీలు మాత్రమే తీయించుకుంటారు. ఎదురెదురు పేజీల పద్ధతిలో ఇది మరీ తేలిక, ఎడమ పేజీలన్నీ తీస్తే చాలు. ఒకే పేజీలో రెండు భాషలూ అల్లుకుని ఉంటే ఇలా విడదీయడం కుదరదు. పై రెండో పద్ధతికి ఉన్న లాభాల్లో ఇది బహుశా తయారీదారులు కూడా ముందుగా ఊహించనిది.

రెండో అడ్డంకి తరగతిలో ఉన్న మిగతావారు. ఇంగ్లీషు మాధ్యమంలో చదివినవారు, తెలుగు చదవడం రాని ఇతర రాష్ట్రాల విద్యార్థులు ఒకే సెక్షన్‌లో ఉన్నప్పుడు తెలుగు పక్క గమనికలు వారికి అడ్డు రాకూడదు. నిర్వచనమూ సాధించిన లెక్కా ఇంగ్లీషులో తమంతట తాము పూర్తిగా ఉంటే, తెలుగు రానివారు వాటినే చదువుకోగలరు. కారణాలన్నీ తెలుగు గమనికల్లోనే ఉండిపోతే మాత్రం వారికి అన్యాయం జరుగుతుంది. కాబట్టి అలాంటి సెక్షన్లలో తరగతిలో చెప్పే వివరణ ఒకసారైనా పూర్తి ఇంగ్లీషు వాక్యాల్లో రావాలి. ఇది తెలుగు విద్యార్థులకూ మేలే, పరీక్షలో చదవబోయే వాక్యాన్ని ముందుగా చెవితో వింటారు.

సెమిస్టర్‌లో వచ్చే రెండు మిడ్ పరీక్షల్లో మొదటిది ఈ కార్యక్రమానికి అసలైన కొలబద్ద. మార్కుల సగటు చూస్తే ఏమీ తెలియదు. దిద్దిన కాగితాల్లో ఖాళీగా వదిలిన లెక్కలెన్ని, మొదలుపెట్టి తప్పు సమీకరణం రాసినవెన్ని అని విడదీసి చూడాలి. ఖాళీ పేజీలు ఎక్కువగా ఉంటే ప్రశ్న చదవడంలోనే ఇబ్బంది ఉండే అవకాశం ఎక్కువ, పై పద్ధతిలో తెలుగులో అడిగి దాన్ని నిర్ధారించుకోవచ్చు. తప్పు సమీకరణాలు ఎక్కువగా ఉంటే నోట్సు భాషను మార్చడం వల్ల ఒరిగేదేమీ లేదు. వర్ణనాత్మక ప్రశ్నల్లో ఇంకో గుర్తు కనిపిస్తుంది. నిర్వచనం అక్షరం పొల్లుపోకుండా ఉండి, దాని కింద సొంతంగా రాయాల్సిన వివరణ రెండు వాక్యాల్లోనే తెగిపోయి ఉంటే, ఆ విద్యార్థి ఇంగ్లీషు పెట్టెను బట్టీ పట్టాడు గానీ తెలుగు వివరణను ఇంగ్లీషులోకి తెచ్చుకునే సాధన చేయలేదని అర్థం. అలాంటివారికి రెండో మిడ్‌లోపు ఇవ్వాల్సింది మరిన్ని నోట్సు పేజీలు కాదు, తెలుగు వివరణ చదివి మూడు నాలుగు ఇంగ్లీషు వాక్యాలు రాసి దిద్దించుకునే వారానికో గంట. ఆ గంట టైమ్‌టేబుల్‌లో ఎక్కడ పడుతుందో చెప్పగలిగే అధికారం విభాగంలో విభాగాధిపతికే ఉంటుంది కాబట్టి, దాన్ని తొలిరోజు ప్రసంగంలోనే తేదీతో సహా ప్రకటించడం ఉత్తమం.